అగ్రిమెంటులో రిజిస్టర్డ్ పోస్టు అని ఉంటే నోటీసు ఎలా రాయాలి, చేరిందని ఎలా నిరూపించాలి

ప్రశ్న: మాది పర్లాకిమిడి. నాన్నగారి పేరు మీద జిరాక్స్ షాపు ఉంది. మిషను విశాఖపట్నం కంపెనీ నుంచి నెలకు 4,500 అద్దెకు తీసుకున్నాం. 2024 ఏప్రిల్ 1న మూడేళ్లకు రాసుకున్నాం, 2027 మార్చి 31తో అయిపోతుంది. 11వ క్లాజులో "గడువు ముగియడానికి కనీసం 60 రోజుల ముందు రిజిస్టర్డ్ పోస్ట్ ఎ.డి. ద్వారా రాతపూర్వక నోటీసు ఇవ్వకపోతే ఇంకో ఏడాదికి దానంతట అదే పొడిగించబడుతుంది" అని ఉంది. నేను వాళ్ల సర్వీసు అబ్బాయికి వాట్సాప్‌లో చెప్పాను, సరే అన్నాడు. అది చాలదా? పోస్టాఫీసులో అడిగితే రిజిస్టర్డ్ పోస్టు ఇప్పుడు లేదంటున్నారు. ఏం రాయాలి, చేరిందని రుజువు ఎలా? టెన్షన్‌గా ఉంది సార్.

జవాబు:

వాట్సాప్ చాలదు. సర్వీసు అబ్బాయి మంచివాడే కావచ్చు, కానీ కంపెనీ తరఫున నోటీసు పుచ్చుకునే అధికారం అతనికి ఉందని మీ అగ్రిమెంటులో ఎక్కడా రాసి ఉండదు. ఏప్రిల్‌లో బిల్లు వచ్చాక "మాకు క్లాజు ప్రకారం నోటీసు రాలేదు" అంటే ఏడాది అద్దె, అంటే 54,000, మీ నెత్తిన పడుతుంది. ఆ మెసేజీని మాత్రం చెరిపేయకండి. దానితో మీ ఉద్దేశం ముందే తెలిపారని చూపించొచ్చు, అసలు నోటీసుకు అది తోడుగా పనికొస్తుంది.

నేను కోర్టు పక్కన ప్లీడరు గుమాస్తాగా చాలాకాలం పనిచేశాను. ఇలాంటి గొడవల్లో ఓడిపోయినవాళ్లలో నోటీసు ఇవ్వనివాళ్లు తక్కువ. ఇచ్చింది ఇచ్చినట్టు చూపించలేకపోయినవాళ్లే ఎక్కువ.

ముందు తేదీ సంగతి. మార్చి 31 నుంచి వెనక్కి 60 రోజులు లెక్కపెడితే జనవరి 30 వస్తుంది. అది శనివారం. క్లాజులో "కనీసం" అనే మాట ఉంది కాబట్టి, మొదటి రోజునూ చివరి రోజునూ తీసేసి లెక్కించాలని ఎవరైనా వాదిస్తే జనవరి 29 అవుతుంది. ఈ ఒక్క రోజు కోసం వాదులాడుకునే పరిస్థితి తెచ్చుకోవద్దు. దీనికంటే పెద్ద ప్రశ్న ఇంకొకటి ఉంది. 60 రోజులు మీరు పోస్టు చేసిన రోజు నుంచా, వాళ్లకు అందిన రోజు నుంచా? మీ క్లాజు "నోటీసు ఇవ్వకపోతే" అంటోంది, ఏ రోజు నుంచో చెప్పడం లేదు. కొన్ని అగ్రిమెంట్లలో "పోస్టు చేసిన 48 గంటల తర్వాత అందినట్టు భావించబడుతుంది" అని విడిగా రాసి ఉంటుంది. మీ కాగితాల్లో చివరి పేజీలు, అంటే "నోటీసులు" అనే శీర్షిక కింద, ఒకసారి చూడండి. అలాంటి మాట ఏదీ లేకపోతే వాళ్ల చేతికి అందిన రోజే లెక్క అనుకుని నడవడం క్షేమం. జనరల్ క్లాజెస్ చట్టం 27వ సెక్షన్ కూడా సరైన చిరునామా రాసి, డబ్బు కట్టి, రిజిస్టర్డ్ పోస్టులో వేసిన ఉత్తరం మామూలుగా ఎప్పుడు చేరాలో అప్పుడు చేరినట్టు భావిస్తుంది. వేసిన క్షణాన్ని అది లెక్కలోకి తీసుకోదు.

కాబట్టి జనవరి 30 మీకు పోస్టు చేసే గడువు కాదు, వాళ్లకు చేరాల్సిన గడువు. మొదటి కవరు జనవరి 4, సోమవారం వేయండి. పర్లాకిమిడి నుంచి విశాఖకు స్పీడ్ పోస్టు రెండు మూడు రోజుల పని. అది ఏదో కారణంతో తిరిగొచ్చినా, సంక్రాంతి వారం పోయాక ఇంకో కవరు పంపుకోవడానికి మీకు చోటు ఉంటుంది. పండగ వారంలోనే వేస్తే మాత్రం పోస్ట్‌మ్యాన్ వెళ్లేసరికి అక్కడ ఆఫీసు మూసి ఉంటుంది, "డోర్ లాక్డ్" అని రాసి వెనక్కి పంపుతాడు. ఆ తిప్పలు మనకెందుకు? డిసెంబరులోనే పంపినా తప్పు లేదు, "కనీసం 60 రోజులు" అంటే అంతకంటే ముందు ఎప్పుడైనా ఇవ్వొచ్చు. అయితే కొన్ని కంపెనీలు "60 నుంచి 90 రోజుల మధ్య"నే నోటీసు ఇవ్వాలని హద్దు పెడతాయి. మీ దాంట్లో అలాంటిదుంటే డిసెంబరు 31 కంటే ముందు పంపింది చెల్లదని అనగలరు. ఒకసారి చూసుకోండి.

ఇక చిరునామా. అగ్రిమెంటు మొదటి పేజీలో కంపెనీ పేరు కింద ఏది ఉందో, కామా కూడా మారకుండా అదే రాయాలి. మీరు రోజూ మాట్లాడే బ్రాంచి ఆఫీసు అడ్రసు, బిల్లు మీది అడ్రసు, సర్వీసు సెంటరు అడ్రసు పనికిరావు. తర్వాత mca.gov.in లో కంపెనీ మాస్టర్ డేటా చూస్తే వాళ్ల రిజిస్టర్డ్ ఆఫీసు దొరుకుతుంది. అది అగ్రిమెంటు అడ్రసుకు వేరుగా ఉంటే అక్కడికీ ఒక కాపీ వేరే కవరులో పంపండి. కంపెనీల చట్టం 2013లోని 20వ సెక్షన్ కంపెనీకి కాగితాలు రిజిస్టర్డ్ ఆఫీసుకు రిజిస్టర్డ్ పోస్టులో గానీ, స్పీడ్ పోస్టులో గానీ, కొరియరులో గానీ పంపొచ్చు అంటోంది. రెండు కవర్లకు కలిపి రెండు వందలు కూడా కావు. అగ్రిమెంటు అడ్రసుకు వెళ్లేది అసలు నోటీసు, రెండోది భద్రత కోసం.

నాన్నగారి పేరు మీద అగ్రిమెంటు ఉందన్నారు. నోటీసు ఆయన పేరుతోనే వెళ్లాలి, ఆయనే సంతకం పెట్టాలి, అగ్రిమెంటు మీద పెట్టిన సంతకంలాగే ఉండాలి. "కొడుకును, నాన్న తరఫున" అని మీరు సంతకం పెడితే, అధికారపత్రం ఏదని అడిగే చోటు వాళ్లకు మనమే ఇచ్చినట్టవుతుంది. షాపు స్టాంపు ఉంటే సంతకం పక్కన వేయండి.

రాయడం దగ్గర చాలామంది చేసే పొరపాటు ఒకటి ఉంది. కోపంతో మొదలుపెడతారు, బతిమాలి ముగిస్తారు. "మీ సర్వీసు బాగోలేదు, మూడుసార్లు ఫోన్ చేసినా రాలేదు, అద్దె తగ్గించకపోతే మిషను తీసేయాలనుకుంటున్నాం, దయచేసి పరిశీలించగలరు." ఇది చదివిన వకీలుకు నోటీసు కనబడదు, ఫిర్యాదు కనబడుతుంది, ఒక షరతు కనబడుతుంది, ఇంకా నిర్ణయం తీసుకోని మనిషి కనబడతాడు. "తగ్గించకపోతే" అన్నారు కాబట్టి, వంద తగ్గిస్తామని ఉత్తరం రాసి ఒప్పందం కొనసాగుతోంది అనేయగలరు. నోటీసులో నిర్ణయం ఉండాలి, కారణం అక్కర్లేదు. మీ క్లాజు కారణం అడగడం లేదు కదా. సర్వీసు మీద బాధ ఉంటే వేరే ఉత్తరం రాయండి.

ఇంకొక చిక్కు ఉంది, దీన్ని అందరూ పట్టించుకోరు. మీరు చేస్తున్నది గడువు పూర్తయ్యాక పొడిగించకపోవడం. మధ్యలో రద్దు చేయడం కాదు. ఉత్తరంలో "అగ్రిమెంటును రద్దు చేస్తున్నాం" అని మాత్రమే రాస్తే, ఇంకా మూడు నెలల గడువుండగా ముందే వదిలేస్తున్నారని చెప్పి, ముందస్తు రద్దుకు పెట్టిన పెనాల్టీ క్లాజు లాగే అవకాశం ఉంటుంది. అందుకే "11వ క్లాజు ప్రకారం, 2027 మార్చి 31న ముగిశాక పొడిగించడం లేదు" అనే మాటే ప్రధానంగా ఉండాలి.

నేనైతే ఇలా రాయిస్తాను. మీ అగ్రిమెంటు ఇంగ్లీషులో ఉంటే నోటీసు కూడా ఇంగ్లీషులోనే ఉండటం మేలు. విశాఖ ఆఫీసులో తెలుగు చదివేవాళ్లున్నా, రేపు కాగితాలు ఒడిశా కోర్టులో పెట్టాల్సి వస్తే అనువాదం ఖర్చు మీదే అవుతుంది. ఇక్కడ మీకు అర్థం కావడానికి తెలుగులో ఇస్తున్నాను, ఇంగ్లీషులోకి మార్పించుకోండి.

"తేదీ: 4 జనవరి 2027. పంపేవారు: (అగ్రిమెంటులో ఉన్నట్టే పేరు, షాపు పేరు, చిరునామా, పిన్ 761200). పొందేవారు: (అగ్రిమెంటులో ఉన్నట్టే కంపెనీ పేరు, చిరునామా, పిన్).

విషయం: 1 ఏప్రిల్ 2024 నాటి అద్దె ఒప్పందాన్ని పొడిగించకపోవడం గురించి 11వ క్లాజు కింద నోటీసు. ఒప్పందం నంబరు ఇది, మిషను మోడల్ ఇది, సీరియల్ నంబరు ఇది.

పైన చెప్పిన ఒప్పందం 31 మార్చి 2027న ముగుస్తుంది. ఆ తేదీ తర్వాత ఒప్పందాన్ని పొడిగించడం లేదని 11వ క్లాజు ప్రకారం ఇందుమూలంగా మీకు నోటీసు ఇస్తున్నాను. ఏ కారణం చేతనైనా ఆ తేదీకి ఈ నోటీసు చెల్లదని తేలితే, ఒప్పందం అనుమతించే మొదటి తేదీకే దీన్ని నోటీసుగా పరిగణించాలి.

31 మార్చి 2027 వరకు చెల్లించవలసిన అద్దె చెల్లిస్తాను. ఆ తర్వాత కాలానికి అద్దె, సర్వీసు చార్జీలు ఏవీ చెల్లించను, నా బ్యాంకు ఖాతా నుంచి ఆటోమేటిక్‌గా తీసుకునే అనుమతిని ఆ తేదీతో ఆపించుకుంటున్నాను.

మిషను 31 మార్చి 2027 నాటికి మా షాపు నుంచి తీసుకెళ్లడానికి తేదీ, వచ్చే వ్యక్తి పేరు రాతపూర్వకంగా తెలపండి. చివరి మీటరు రీడింగు ఇద్దరి సమక్షంలో రాసుకుందాం. నేను కట్టిన డిపాజిట్టు ఒప్పందంలోని క్లాజు ప్రకారం తిరిగి చెల్లించాలి.

ఈ నోటీసు మొత్తం ఒక పేజీ. జతపరిచినవి: ఒప్పందం మొదటి పేజీ, 11వ క్లాజు ఉన్న పేజీ నకళ్లు. సంతకం, పేరు, షాపు స్టాంపు."

దీన్లో "ఏ కారణం చేతనైనా" అనే వాక్యం వదలొద్దు. పోస్టు ఆలస్యమై ఫిబ్రవరి 2న చేరిందనుకోండి. ఆ వాక్యం లేకుంటే మీ నోటీసు ఎందుకూ కాకుండా పోయిందని వాళ్లు అనవచ్చు. అది ఉంటే కనీసం తర్వాత దొరికే మొదటి ముగింపు తేదీకి, అంటే పొడిగించిన ఏడాది చివరికో, మధ్యలో బయటపడే క్లాజు ఏదైనా ఉంటే దాని ప్రకారమో, ఇదే నోటీసు పనిచేస్తుందని మీరు వాదించగలరు. వాళ్లు ఒప్పుకోకపోవచ్చు, కానీ మీ ఉద్దేశం ఎప్పటినుంచి తెలుసో కాగితం మీద ఉంటుంది. పేజీల సంఖ్య ఎందుకు రాశానో కిందకొచ్చాక చెబుతాను.

రిజిస్టర్డ్ పోస్టు లేదన్న మాట సగమే నిజం. 2025లో తపాలా శాఖ రిజిస్టర్డ్ పోస్టును స్పీడ్ పోస్టులో కలిపేసింది. రిజిస్ట్రేషన్ అనే సదుపాయం పోలేదు, స్పీడ్ పోస్టు మీద అదనంగా తీసుకోవాలి. కౌంటరులో "స్పీడ్ పోస్ట్ విత్ రిజిస్ట్రేషన్, ప్రూఫ్ ఆఫ్ డెలివరీ కూడా" అని అడగండి. పాత ఎ.డి. కార్డు చేసే పని ఇప్పుడు ప్రూఫ్ ఆఫ్ డెలివరీ చేస్తుంది. ఉత్త స్పీడ్ పోస్టుకూ రిజిస్ట్రేషన్ ఉన్నదానికీ తేడా ఉంది. ఉత్తది ఆ అడ్రసులో ఎవరున్నా ఇచ్చేయొచ్చు, వాచ్‌మన్ అయినా సరే. రిజిస్ట్రేషన్ ఉంటే కవరు మీద ఎవరి పేరుందో వాళ్లకు, లేదా వాళ్లు అధికారం ఇచ్చినవాళ్లకు ఇవ్వాలి. ఊరు దాటి వెళ్లే 50 గ్రాముల లోపు కవరుకు స్పీడ్ పోస్టు 47 రూపాయలు, రిజిస్ట్రేషన్‌కు 5 రూపాయలు, వీటి మీద జీఎస్టీ. ప్రూఫ్ ఆఫ్ డెలివరీకి వేరేగా కట్టాలి. ఈ కాస్త డబ్బుకు వెనకాడి ఉత్త స్పీడ్ పోస్టు వేసొచ్చినవాళ్లను చూశాను, ఆదా చేసింది టీ ఖర్చంత.

అగ్రిమెంటులో "రిజిస్టర్డ్ పోస్ట్ ఎ.డి." అని ఉంది, ఇప్పుడున్న సేవకు పేరు వేరు కదా అని భయపడొద్దు. ఉత్తరంలో ఒక వాక్యం కలిపేయండి: "11వ క్లాజులో చెప్పిన రిజిస్టర్డ్ పోస్ట్ ఎ.డి. సేవ ఇప్పుడు స్పీడ్ పోస్ట్ విత్ రిజిస్ట్రేషన్, ప్రూఫ్ ఆఫ్ డెలివరీగా నడుస్తున్నందున ఈ నోటీసు ఆ విధంగా పంపుతున్నాను." అలాగే ప్రైవేటు కొరియరుతో సరిపెట్టుకోవద్దు. 27వ సెక్షన్ చెప్పే ఊహ తపాలాకు, రిజిస్టర్డ్ పోస్టుకు సంబంధించింది. కొరియరుతో పంపితే చేరిందని మొదటి నుంచి మీరే నిరూపించుకోవాలి. నిజం చెప్పాలంటే 27వ సెక్షన్ కూడా చట్టం పోస్టు ద్వారా ఇమ్మన్న నోటీసుల కోసం రాసింది. ఒప్పందం ప్రకారం ఇచ్చే మీ నోటీసు విషయంలో కోర్టు దానితో పాటు సాక్ష్య చట్టాన్ని కూడా చూస్తుంది. పాత 114వ సెక్షన్ ఇప్పుడు భారతీయ సాక్ష్య అధినియమం 119వ సెక్షన్, 2024 జూలై 1 నుంచి అమల్లో ఉంది. మామూలు వ్యవహారం మామూలుగానే జరిగిందని కోర్టు ఊహించుకోవచ్చు అనేది దాని సారం. సరిగ్గా పోస్టు చేసింది సరిగ్గా చేరిందనేది అందులో ఒకటి. అయితే ఇది ఊహ మాత్రమే, అవతలివాళ్లు ఎదురు రుజువు తెస్తే కూలిపోతుంది.

అందుకని రుజువు అంటే ఒక్క కాగితం అనుకోకండి. మూడు వేరువేరు ప్రశ్నలకు మూడు వేరు సమాధానాలు కావాలి: వేశారా, చేరిందా, లోపల ఏముంది.

వేశారా అన్నదానికి కౌంటరులో ఇచ్చే రసీదు సమాధానం. అది చేతికి రాగానే కౌంటరు దగ్గరే నిలబడి చదవండి. అవతలివాళ్ల పేరు, పిన్ సరిగ్గా కొట్టారా? విశాఖ పిన్‌లో ఒక అంకె తప్పు పడితే "సరైన చిరునామా" అనే మాటే దెబ్బతింటుంది. రిజిస్ట్రేషన్ చార్జీ రసీదులో కనబడుతోందా? కనబడకపోతే ఉత్త స్పీడ్ పోస్టే బుక్ అయ్యిందన్నమాట, అక్కడికక్కడే సరిచేయించండి. రసీదు మీద కవరు బరువు గ్రాముల్లో ఉంటుంది, దాని సంగతి ఇంకాసేపట్లో వస్తుంది. ఇంటికెళ్లగానే రసీదును జిరాక్స్ తీయండి, మీ షాపులోనే కదా. ఆ వేడికాగితం మీది అక్షరాలు కొన్ని నెలల్లో వెలిసిపోతాయి, కోర్టులో పెట్టేనాటికి తెల్లకాగితం మిగులుతుంది. మీ దగ్గరున్న నోటీసు కాపీ మీద రసీదులోని కన్సైన్‌మెంట్ నంబరు, పోస్టు చేసిన తేదీ, సమయం చేత్తో రాసి పెట్టుకోండి. రెండు ఇంగ్లీషు అక్షరాలు, తొమ్మిది అంకెలు, చివర IN, ఇలా 13 అక్షరాలుంటాయి.

చేరిందా అన్నదానికి ప్రూఫ్ ఆఫ్ డెలివరీ, దాంతో పాటు ఇండియా పోస్టు సైటులో ట్రాకింగ్. ట్రాకింగ్ పేజీని Item Delivered అని చూపించిన రోజే తేదీ, సమయం కనబడేలా ప్రింటు తీయండి. ఎప్పుడో తీద్దాంలే అనుకుంటే ఆ వివరాలు సైటు మీద కలకాలం ఉండవు. ప్రింటు ఎలక్ట్రానిక్ రికార్డు కాబట్టి కేసుకు వెళ్తే సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ జత చేయాల్సి వస్తుంది, అది అప్పటి పని, మీ ప్లీడరు చూసుకుంటారు. ప్రూఫ్ ఆఫ్ డెలివరీ మీ చేతికి రాలేదనుకోండి. రెండు వారాలు చూసి, వేసిన పోస్టాఫీసులో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి దాని నంబరు తీసుకోండి. సరిహద్దు ఊళ్లలో మనవాళ్లు ఇక్కడే తడబడతారు. కవరు పర్లాకిమిడిలో వేసి ఉంటారు, అంటే ఒడిశా సర్కిల్. పంచింది విశాఖ, అంటే ఆంధ్ర సర్కిల్. ఇక్కడివాళ్లు అక్కడ అడగమంటారు, అక్కడివాళ్లు వేసినచోట అడగమంటారు. పట్టించుకోకుండా రెండు చోట్లా రాయండి. అదీ కుదరకపోతే పంచిన డివిజన్ సూపరింటెండెంటు ఆఫీసుకు సమాచార హక్కు కింద పది రూపాయల ఫీజుతో దరఖాస్తు పెట్టి, ఫలానా నంబరు కవరు ఏ తేదీన ఎవరికి అందించారు, అందుకున్నవారి సంతకమున్న డెలివరీ రికార్డు నకలు ఇవ్వండి అని అడగండి. తపాలా శాఖ జవాబు కాగితం మీద ముద్రతో వస్తే మీకది మంచి బలం. కొందరు పాతపట్నం వెళ్లి పోస్టు చేస్తే ఆంధ్రలోనే ఉంటుంది కదా అంటారు. ఎక్కడ వేసినా చట్టం దృష్టిలో ఒకటే, ఫిర్యాదు ఒక్క సర్కిల్‌తో సరిపోతుందన్న వెసులుబాటు మాత్రం నిజమే.

లోపల ఏముంది అన్నదే అసలు కిటుకు. కవరు అందిందని ఒప్పుకుంటారు. "అందులో మీ బిల్లు చెల్లింపు ఉత్తరమే ఉంది, నోటీసు లేదు" అంటారు. తెల్లకాగితం వచ్చిందన్న వాదన కూడా విన్నాను. ప్రూఫ్ ఆఫ్ డెలివరీ మీద సంతకం కవరు అందినట్టే చెబుతుంది, లోపలి అక్షరాల గురించి ఏమీ చెప్పదు. దీనికి ఒకే ఒక్క మందు లేదు, చిన్నచిన్నవి కలిపితే మీ మాట నమ్మదగ్గదవుతుంది. కవరు మీద ఎడమ మూలన "ఒప్పందం నంబరు ఫలానా, 11వ క్లాజు నోటీసు" అని కనబడేలా రాయండి. సంతకం పెట్టిన నోటీసు, జతపరిచిన పేజీలు, అడ్రసు రాసిన కవరు అన్నీ బల్ల మీద పరిచి ఫోటో తీసి, ఆ తర్వాతే మడిచి అంటించండి. ఇప్పుడు బరువు సంగతి. ఒక ఏ4 కాగితం సుమారు ఐదు గ్రాములు తూగుతుంది. ఒక పేజీ నోటీసు, రెండు పేజీల నకళ్లు, కవరు, అన్నీ కలిపి ఇరవై గ్రాముల చుట్టుపక్కల ఉండాలి. రసీదులో అంత బరువు పడితే, ఒక్క చెల్లింపు కాగితమే ఉందన్న వాదన నిలబడదు. ఉత్తరంలో పేజీల సంఖ్య, జతపరిచినవి రాయడం అందుకే.

అదే రోజు నోటీసును, రసీదును స్కాన్ చేసి కంపెనీ అధికారిక ఈమెయిలుకు, మీ అగ్రిమెంటులోనో బిల్లు మీదో ఉన్నదానికి, పంపండి. విషయం లైనులో "రిజిస్ట్రేషన్‌తో స్పీడ్ పోస్టు నంబరు ఫలానాగా ఈ రోజు పంపిన నోటీసు నకలు" అని పెట్టండి. ఈమెయిలు మీ క్లాజు అడిగిన నోటీసు కాదు. కానీ కవరులో ఏముందో చెప్పే ఆ రోజు నాటి సాక్ష్యం. జవాబుగా "అందింది" అని ఒక్క మాట వచ్చినా మీ పని సగం అయిపోయినట్టే. జవాబు రాకపోయినా, ఇన్ని రోజులు ఈ నకలు చూసి కూడా కవరులో వేరే ఏదో ఉందని ఎందుకు అనలేదని తర్వాత వాళ్లను అడగవచ్చు.

కవరు తిరిగొస్తే కంగారుపడకండి, పోస్ట్‌మ్యాన్ దాని మీద ఏం రాశాడో చూడండి. "రిఫ్యూజ్డ్" అని ఉంటే అది మీకు మంచిదే. తీసుకోవడానికి నిరాకరించినవాళ్లు అందలేదని అనలేరని కోర్టులు ఎప్పటినుంచో అంటున్నాయి. 2007లో సుప్రీంకోర్టు ముగ్గురు జడ్జీల బెంచి చెక్ బౌన్సు కేసులో, సరైన చిరునామాకు రిజిస్టర్డ్ పోస్టులో పంపింది అందినట్టే ఊహించవచ్చని, అందలేదని చెప్పేవాళ్లే దాన్ని నిరూపించాలని చెప్పింది. "డోర్ లాక్డ్", "అన్‌క్లెయిమ్డ్" లాంటివి కూడా మామూలుగా మీవైపే ఉంటాయి, పోస్ట్‌మ్యాన్ తెలియజేసినా వచ్చి తీసుకోలేదన్న అర్థంలో. కానీ "ఇన్‌సఫిషియెంట్ అడ్రస్", "నో సచ్ పర్సన్" అని వస్తే తప్పు మీ చిరునామాదని అనుకుంటారు. "లెఫ్ట్" అని వస్తే వాళ్లు ఆఫీసు మార్చేశారు. అలాంటప్పుడు మళ్లీ అగ్రిమెంటు తెరిచి, అడ్రసు మారితే రాతపూర్వకంగా తెలపాలని ఉందో చూడండి. ఉంటే వాళ్లు తెలపనిది వాళ్ల తప్పే, పాత అడ్రసుకు పంపింది చెల్లుతుందని వాదించవచ్చు. అయినా రిజిస్టర్డ్ ఆఫీసు అడ్రసుకు వెంటనే ఇంకొకటి పంపండి. ముందు చెప్పిన రెండో కవరు అప్పుడు అక్కరకొస్తుంది.

తిరిగొచ్చిన కవరును మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ చించకండి. లోపల ఏముందో మీకు తెలుసు, మళ్లీ చూడక్కర్లేదు. మూతి అంటించినట్టే, ముద్రలు చెరగకుండా ఇంకో పెద్ద కవరులో పెట్టి దాచండి. అవసరమైన రోజు కోర్టులోనే తెరుస్తారు. లోపల నోటీసు ఉందని చెప్పడానికి అంతకు మించిన రుజువు లేదు. "ఇదేంటి వెనక్కొచ్చింది" అని ఇంట్లోవాళ్లు చించేస్తుంటారు, అందుకే నాన్నగారికి కూడా ముందే చెప్పి ఉంచండి.

నోటీసు చేరాక మీ నడవడి కూడా అదే మాట చెప్పాలి. మార్చి 31 రాత్రి తర్వాత ఆ మిషనులో ఒక్క కాపీ కూడా తీయకండి. ఏప్రిల్ 2న గిరాకీ వచ్చిందని నాలుగు వందల కాపీలు తీస్తే మీటరు చెబుతుంది, మళ్లీ వాడారు కాబట్టి కొనసాగించడానికి ఒప్పుకున్నారు అంటారు. బ్యాంకుకు వెళ్లి అద్దె తీసుకునే ఎన్‌ఏసీహెచ్ మాండేటును మార్చి నెల అద్దె పోయాక రద్దు చేయించి, ఆ రసీదు ఉంచుకోండి. ఏప్రిల్ బిల్లు వస్తే ఊరుకోకండి, "మీ ఫలానా బిల్లు 4 జనవరి 2027 నోటీసుకు విరుద్ధం, చెల్లించను" అని ఈమెయిలు పంపండి. డబ్బు పొరపాటున కట్ అయినా అదే రోజు అభ్యంతరం రాయండి.

మిషను తీసుకెళ్లడానికి వచ్చినప్పుడు చివరి రీడింగు, సీరియల్ నంబరు, మిషను ఎలా ఉందో ఒక కాగితం మీద రాసి, వచ్చిన మనిషి పేరు, ఫోను, సంతకం తీసుకోండి. రాకపోతే షాపులో పక్కన ప్లాస్టిక్ కప్పి ఉంచండి, తీసుకెళ్లమని మళ్లీ ఒక ఉత్తరం వేయండి. మీకై మీరు లారీలో వేసి పంపకండి. దారిలో ఏమైనా అయితే మీ మీదకే వస్తుంది.

డిపాజిట్టు తిరిగివ్వకుండా నాన్చితే ఎక్కడ కేసు వేయాలన్న ప్రశ్న వస్తుంది. అగ్రిమెంటులో "విశాఖ కోర్టులకే అధికారం" అని ఉండే ఉంటుంది. షాపు మీ కుటుంబం పొట్టపోసుకోవడానికి సొంతంగా నడుపుకునేదైతే, స్వయం ఉపాధి కోసం తీసుకున్న సేవ కాబట్టి 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద నాన్నగారు వినియోగదారుడని వాదించే వీలుంది. ఆ చట్టం ఫిర్యాదుదారుడు నివసించే జిల్లాలోనే ఫిర్యాదు వేయనిస్తుంది, అంటే గజపతి జిల్లా కమిషన్‌లో. పనివాళ్లను పెట్టుకుని పెద్దగా నడిపే షాపైతే ఈ దారి మూసుకుపోవచ్చు. ఏది వేసినా ముందు మీ ప్లీడరుకు ఆ ఫైలు చూపించండి: నోటీసు కాపీ, రసీదు జిరాక్స్, ట్రాకింగ్ ప్రింటు, ప్రూఫ్ ఆఫ్ డెలివరీ లేదా తెరవని కవరు, ఆ రోజు ఈమెయిలు, బ్యాంకు రసీదు.